లాభం 18 లక్షలు అంటున్నారు, 7వ తారీఖు జీతాలకు బ్యాంకులో డబ్బు లేదు. ఎక్కడికి పోయింది?

బాలానగర్_లేత్:
మాది చిన్న మెషినింగ్ యూనిట్. ఇత్తడి రాడ్లు కొని బుష్‌లు, ఫిట్టింగులు చేసి రెండు పెద్ద కంపెనీలకు ఇస్తాం. మార్చి దాకా నెలకు 20 లక్షల బిల్లింగ్. ఏప్రిల్‌లో రెండో కంపెనీ ఆర్డర్ రావడంతో 30కి పెరిగింది, అక్కడే నిలబడింది. మొన్న ఆడిటర్ ఆరు నెలల లెక్క తీసి 18 లక్షల లాభం అన్నాడు, సంతోషపడ్డాను. సాయంత్రం ఇంటికి వచ్చి బ్యాంకు యాప్ తెరిస్తే కరెంట్ అకౌంట్‌లో లక్ష రూపాయలు, వ్యాపారం నడపడానికి బ్యాంకు ఇచ్చిన సీసీ అప్పు 40 లక్షల లిమిట్‌లో 39 వాడేశాం. జీతాలకు 4 లక్షలు కావాలి, 20వ తారీఖు లోపు జీఎస్టీ ఇంకో రెండున్నర. రాత్రంతా నిద్ర లేదు. నష్టం వస్తే అర్థం చేసుకోగలను, లాభం వచ్చి డబ్బు లేకపోవడం ఏమిటి? దొంగతనం జరుగుతోందా, ఆడిటర్ లెక్క తప్పా? పైగా రెండో కంపెనీ వాళ్ళే నెలకు ఇంకో 8 లక్షల పని ఇస్తామంటున్నారు. ఈ వారం జవాబు చెప్పాలి.

ఖమ్మం_కిరాణా:
ఆడిటర్‌ను మార్చండి ముందు. డబ్బు కంటికి కనిపించకపోతే అది లాభం ఎలా అవుతుంది? మా షాపులో రాత్రి గల్లా లెక్కపెట్టుకుంటే తెలిసిపోతుంది.

శీను_మిర్చి:
మాకూ ఇదే గోల. కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టాం, రేటు పెరిగింది, కాగితం మీద లాభమే, కానీ అమ్మితే కదా. మీరు కూడా సరుకు ఆపి ఉంటారు, రేటు చూసి అమ్మేయండి.

బాలానగర్_లేత్:
శీను అన్నా, మాది ఆర్డర్ మీద చేసే సరుకు, రేటు ముందే ఖాయం. అమ్మకుండా ఆపింది ఏమీ లేదు.

రిటైర్డ్_బ్యాంకర్_తెనాలి:
ఆడిటర్‌ను మార్చే ముందు ఐదు అంకెలు ఇవ్వండి. మార్చి 31న, సెప్టెంబరు 30న కస్టమర్ల నుంచి రావాల్సింది ఎంత, షెడ్డులో సరుకు ఎంత, రాడ్ల వాళ్ళకు మీరు ఇవ్వాల్సింది ఎంత, సీసీ బాకీ ఎంత, అకౌంట్‌లో నగదు ఎంత. ఆరు నెలల్లో ఇంటికి ఎంత తీసుకున్నారు, మెషిన్ లోన్ అసలు ఎంత కట్టారు అన్నది కూడా చెప్పండి. ముప్ఫై ఏళ్ళు ఇలాంటి ఫైళ్ళే చూశాను, డబ్బు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది.

బాలానగర్_లేత్:
ట్యాలీ చూసి రాస్తున్నాను. రావాల్సింది మార్చిలో 71 లక్షలు, సెప్టెంబరులో 106. సరుకు 16 నుంచి 25. రాడ్ల వాళ్ళకు ఇవ్వాల్సింది 13 నుంచి 19. సీసీ బాకీ 17 నుంచి 39. అకౌంట్‌లో 3 ఉండేది, ఇప్పుడు 1. ఇంటికి ఆరు నెలల్లో సుమారు 4 లక్షలు. లోన్ అసలు 3 లక్షలు, ఆడిటర్ మెషిన్ల తరుగుదల కింద రాసింది కూడా 3 లక్షలే.

రిటైర్డ్_బ్యాంకర్_తెనాలి:
దొంగతనం లేదు, ఆడిటర్ తప్పూ లేదు. చూడండి.

మీ లాభం 18. కస్టమర్ల దగ్గర మీ డబ్బు 35 లక్షలు పెరిగింది. షెడ్డులో సరుకు రూపంలో ఇంకో 9 పెరిగింది. అంటే 44 లక్షలు లోపలికి వెళ్ళింది. రాడ్ల వాళ్ళు మీకు అదనంగా 6 లక్షల అరువు ఇచ్చారు కాబట్టి నికరంగా 38. సంపాదించింది 18, వ్యాపారం మింగింది 38, తేడా 20. దానికి ఇంటి ఖర్చు 4 కలిపితే 24. తరుగుదలకు చేతి నుంచి డబ్బు పోదు, లోన్ అసలు లాభంలోంచి తీయరు గానీ చేతి నుంచి పోతుంది, మీ విషయంలో రెండూ 3 కాబట్టి ఒకదానికొకటి చెల్లు. ఇక ఆ 24 ఎవరిచ్చారో చూడండి. సీసీ 17 నుంచి 39కి పెరిగింది, అది 22. అకౌంట్‌లో 2 తగ్గింది. మొత్తం 24. చిల్లర తేడాలు పక్కన పెడితే లెక్క సరిపోయింది.

మీ 18 లక్షల లాభం నిజమే. అది మీ కస్టమర్ల కొనుగోలు ఖాతాలో ఉంది. దాని పక్కనే బ్యాంకు దగ్గర తెచ్చిన 22 లక్షలు కూడా కూర్చుంది.

బాలానగర్_లేత్:
రెండుసార్లు చదివి, కాగితం మీద వేసుకుని చూశాను. సరిపోయింది. కానీ ఒకటి అర్థం కావట్లేదు సార్. కస్టమర్లు ఎవరూ ఎగ్గొట్టలేదు, ఆలస్యం కూడా చేయలేదు. ఇద్దరూ 90 రోజులకు అటూ ఇటూగా వేస్తూనే ఉన్నారు. మార్చిలోనూ 90 రోజులే, ఇప్పుడూ 90 రోజులే.

రిటైర్డ్_బ్యాంకర్_తెనాలి:
చాలామంది పొరబడేది ఇక్కడే. మార్చిలో 20 లక్షల చొప్పున మూడు నెలల బిల్లులు బయట ఉండేవి, జీఎస్టీ కలిపి 71. ఇప్పుడు 30 లక్షల చొప్పున మూడు నెలలు, జీఎస్టీతో 106. ఎవరూ ఒక్క రోజు ఆలస్యం చేయకపోయినా బయట ఉన్న డబ్బు ఒకటిన్నర రెట్లయింది. రోజులు మారలేదు కాబట్టి మీకు ప్రమాదం కనిపించలేదు.

మీ రోజుల లెక్క ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. రాడ్ షెడ్డులోకి వచ్చిన రోజును మొదటి రోజు అనుకుంటే, 30వ రోజున రాడ్ల వాడికి డబ్బు ఇస్తారు. కోత, డ్రిల్లింగ్, థ్రెడింగ్, ప్లేటింగ్ అన్నీ అయ్యి బిల్లు కొట్టేసరికి 45వ రోజు. అక్కడి నుంచి 90 రోజులు, అంటే 135వ రోజున మీ చేతికి వస్తుంది. నడుమ 105 రోజులు ఆ రాడ్ ఖర్చు మీదే. ఆ 105 రోజుల్లో మీరు జీతాలు మూడుసార్లు, కరెంటు బిల్లు మూడుసార్లు, జీఎస్టీ మూడుసార్లు కడతారు.

అప్పారావు_ఫ్యాబ్రికేషన్:
జీఎస్టీ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. జనం చూడనిది అదే. 30 లక్షల మీద 5 లక్షల 40 వేలు జీఎస్టీ. రాడ్ల మీద కట్టిన దాదాపు 3 లక్షలు క్రెడిట్ పోగా మిగతా రెండున్నర లక్షలు వచ్చే నెల 20కల్లా నగదుగా కట్టాలి. కస్టమర్ మనకు ఇచ్చేది మూడో నెలలో. మనం కస్టమర్ తరఫున ప్రభుత్వానికి ముందే కట్టి కూర్చుంటాం. ఆ పెరిగిన 35 లక్షల బాకీలో 5 లక్షల పైన పన్నే.

షేర్లు_చూసేవాడు:
బ్యాంకర్ గారి లెక్కలో ఒక పొరపాటు ఉంది అనుకుంటున్నా. పెరిగిన 35 లక్షల బాకీలో ఈయన లాభం కూడా కలిసి ఉంది. అది చేతి నుంచి పెట్టిన డబ్బు కాదు కదా, ఇంకా రాని లాభం. కాబట్టి వ్యాపారం మింగింది 38 అనడం ఎక్కువ చేసి చెప్పడమే.

రిటైర్డ్_బ్యాంకర్_తెనాలి:
సగం కరెక్ట్. చేతి నుంచి పెట్టిన ఖర్చు మాత్రమే లెక్కిస్తే 38 కన్నా తక్కువే వస్తుంది. కానీ నేను మొదలుపెట్టిందే 18 లక్షల లాభంతో. ఆ 18లో ఇంకా చేతికి రాని లాభం కూడా ఉంది. బాకీలోంచి లాభం తీసేస్తానంటే పైన 18లోంచి కూడా అంతే తీసేయాలి. ఎలా వేసినా అడుగున తేడా 20 లక్షలే. సీసీ బాకీ అబద్ధం చెప్పదు, 22 పెరిగింది.

షేర్లు_చూసేవాడు:
అవును, రెండు వైపులా తీయాలి. ఒప్పుకుంటున్నా.

అయితే లిస్టెడ్ కంపెనీల్లో నేను చూసేది ఇదే, లాభం ఏటా పెరుగుతూ ఉంటుంది, వ్యాపారం నుంచి వచ్చిన నగదు మాత్రం మైనస్. అమెరికాలో డబ్ల్యూ.టి. గ్రాంట్ అని పెద్ద స్టోర్ల గొలుసు ఉండేది. 1973 దాకా లాభాలు చూపిస్తూనే ఉంది, 1975 అక్టోబరులో దివాలా పిటిషన్ వేసింది. తర్వాత లెక్కలు తిరగేసి చూస్తే వ్యాపారం నుంచి వచ్చే నగదు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే మైనస్‌లో ఉంది. ఖాతాదారులకు అరువు మీద అమ్ముతూ, కొత్త స్టోర్లు తెరుస్తూ, ఆ లోటు అప్పులతో పూడ్చుకుంటూ వచ్చారు.

స్వాతి_అకౌంట్స్:
గ్రాంట్ సంగతి వేరు అనుకుంటా, అక్కడ అరువు తీసుకున్నవాళ్ళలో చాలామంది తిరిగి కట్టనే లేదు. ఈయన బాకీలన్నీ మంచివే, సమయం ఒక్కటే సమస్య. రెండూ ఒకే గాటన కట్టకండి.

షేర్లు_చూసేవాడు:
నిజమే, అక్కడ మొండి బాకీలు కూడా ఉన్నాయి. మొదట్లో రెండూ ఒకలాగే కనిపిస్తాయి, తేడా తర్వాత తెలుస్తుంది.

ఖమ్మం_కిరాణా:
ఇదంతా చదువుతుంటే నాకు ఒక సందేహం. మా సూపర్ మార్కెట్‌లో ఎప్పుడూ డబ్బు ఉంటుంది. లాభం చూస్తే రూపాయికి 4 పైసలు కూడా మిగలదు, ఈయనకు 10 పైసలు. మరి నాకెందుకు కొరత లేదు?

రిటైర్డ్_బ్యాంకర్_తెనాలి:
మీ దగ్గర జనం నగదో ఫోన్‌పేనో ఇచ్చి సరుకు తీసుకెళ్తారు. మీరు డిస్ట్రిబ్యూటర్‌కు ఎన్ని రోజులకు ఇస్తారు?

ఖమ్మం_కిరాణా:
కొందరికి 15, చాలామందికి 21 నుంచి 30.

రిటైర్డ్_బ్యాంకర్_తెనాలి:
సరుకు పన్నెండు రోజుల్లో అమ్ముడుపోయి, డబ్బు ముప్ఫయ్యో రోజున ఇస్తే, నడుమ పద్దెనిమిది రోజులు డిస్ట్రిబ్యూటర్ డబ్బుతో మీరు వ్యాపారం చేస్తున్నట్టు. అమ్మకం పెరిగే కొద్దీ మీ గల్లా నిండుతుంది. బాలానగర్ ఆయనకు సరిగ్గా తలకిందులు. అయితే మీరూ జాగ్రత్తగా ఉండాలి. అమ్మకం పడిపోయిన నెలలో పాత సరుకు డబ్బు కట్టాలి, కొత్త అమ్మకం తక్కువ, అప్పుడు గల్లా ఖాళీ అవుతుంది. ఆ నిండుగా ఉన్న డబ్బు పెట్టి ప్లాటు కొన్నవాళ్ళను చూశాను.

ఖమ్మం_కిరాణా:
నేను సరిగ్గా ఆ పని మీదే ఉన్నాను, రిజిస్ట్రేషన్ వచ్చే నెల. కాసేపు ఆలోచించుకోనివ్వండి.

డల్లాస్_కన్సల్టెన్సీ:
మాది సరుకు లేని వ్యాపారం, అయినా ఇదే బాధ. అమెరికాలో మనవాళ్ళు నడిపే ఐటీ కన్సల్టెన్సీల పని ఇదే కదా. ఉద్యోగులకు రెండు వారాలకోసారి జీతం వేయాలి, క్లయింట్ నెలాఖరున ఇన్వాయిస్ తీసుకుని 60 రోజులకు ఇస్తాడు. కొత్తగా పదిమందిని పెట్టానని ఇంట్లో స్వీట్లు పంచాను, మొదటి క్లయింట్ డబ్బు రాకముందే ఐదారు జీతాలు వేయాల్సి వచ్చింది. ఇన్వాయిస్‌లు ఫ్యాక్టరింగ్ కంపెనీకి ఇచ్చి ముందే డబ్బు తెచ్చుకున్నాను, మార్జిన్‌లో మంచి ముక్క వాళ్ళకే పోయింది. సరుకు లేకపోయినా మనుషుల జీతమే మన సరుకు.

నిజాంపేట_సురేష్:
మా అనుభవం తలకిందులుగా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో రెండు నెలలు యూనిట్ మూసేశాం. ఆశ్చర్యం, మే నెలలో మా అకౌంట్‌లో ఎప్పుడూ లేనంత డబ్బు. పాత బిల్లులు వస్తున్నాయి, కొత్తగా కొనేది ఏమీ లేదు. నేను బాగున్నామనుకున్నాను. జులైలో పని మొదలుపెట్టగానే మూడు నెలల్లో ఆ డబ్బంతా మళ్ళీ సరుకులోకీ బాకీల్లోకీ వెళ్ళిపోయింది.

రిటైర్డ్_బ్యాంకర్_తెనాలి:
సురేష్ గారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోవాలి. వ్యాపారం చిన్నదయ్యేటప్పుడు డబ్బు కనిపిస్తుంది, పెరిగేటప్పుడు మాయమవుతుంది. బ్యాంకు బ్యాలెన్స్ చూసి వ్యాపారం బాగుందో లేదో చెప్పలేం, రెండు వైపులా.

బాలానగర్_లేత్:
సార్, ఇప్పుడు అసలు ప్రశ్న. కొత్త 8 లక్షల పని ఒప్పుకోవాలా?

రిటైర్డ్_బ్యాంకర్_తెనాలి:
మీ సొంత అంకెలే చెబుతాయి. అమ్మకం నెలకు 10 లక్షలు పెరిగితే 38 లక్షలు లోపలికి వెళ్ళింది. అంటే నెలకు ఒక లక్ష అదనపు అమ్మకానికి 3 లక్షల 80 వేలు ముందు పెట్టాలి. ఆ లక్ష మీద నెలకు మిగిలేది 10 వేలు. ఆ అమ్మకం పెట్టుబడిని ఆ అమ్మకపు లాభమే తిరిగి ఇవ్వాలంటే 38 నెలలు. పాత అమ్మకం లాభం కూడా ఉంది కాబట్టి అంత కాలం అక్కర్లేదు, కానీ ఇంటి ఖర్చు పోను మీ మొత్తం లాభంతోనే 20 నుంచి 30కి వెళ్ళాలంటే ఇంచుమించు 20 నెలలు పట్టేది. మీరు ఒక్క నెలలో వెళ్ళారు.

ఇప్పుడు 8 లక్షలంటే ఇంకో 30 లక్షలు కావాలి. మీ దగ్గర లిమిట్‌లో మిగిలింది లక్ష.

ఇందులో ఒక మంచి విషయం ఉంది. 30 లక్షల దగ్గర ఆగితే ఇక లోపలికి వెళ్ళేది ఏమీ ఉండదు, నెలకు మీ 3 లక్షల లాభం నగదుగా కనిపించడం మొదలవుతుంది, సీసీ మెల్లగా దిగుతుంది. మీ ఈ ఆరు నెలలు చెడ్డ నెలలు కావు, ఖరీదైన నెలలు.

అప్పారావు_ఫ్యాబ్రికేషన్:
ఆర్డర్ వదులుకోమని ఎలా అంటారు? ఇంకోడు ఎత్తుకుపోతాడు. సీసీ లిమిట్ పెంచమని బ్యాంకును అడగాలి, అంతే.

రిటైర్డ్_బ్యాంకర్_తెనాలి:
అడగాలి, తప్పకుండా. చిన్న యూనిట్లకు 5 కోట్ల లోపు లిమిట్లకు బ్యాంకులు సాధారణంగా అంచనా టర్నోవర్‌లో 20 శాతం చూస్తాయి. ఈయనకు ఏడాదికి 3 కోట్ల 60 లక్షల అమ్మకం, అంటే 72 లక్షల దాకా అడగడానికి ఆధారం ఉంది. పాత 20 లక్షల లెక్క మీద ఇచ్చిన 40 అది. కానీ ఆ 20 శాతం లెక్క, పెట్టిన డబ్బు తిరిగి చేతికి వచ్చే చక్రం మూడు నెలలు అనుకుని వేసింది, ఈయన చక్రం అంతకన్నా పొడవు. పైగా ఫైలు కదలడానికి టైం పడుతుంది, జీతాలు 7వ తారీఖున.

అప్పారావు_ఫ్యాబ్రికేషన్:
సరే, లిమిట్ పెంచినా ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నా. మా లిమిట్ 50 లక్షలు, వాడుకున్నది 46. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తాం. బాకీలు 60 లక్షలు, వాటికి 25 శాతం తీసేసి 45, డబ్బు చెల్లించిన సరుకు 10కి ఏడున్నర, మొత్తం యాభై రెండున్నర కాబట్టి 50 దాకా వాడుకోవచ్చు. ఒక నెల ఒక కంపెనీ పేమెంట్ ఆపింది. 28 లక్షల బిల్లులు 90 రోజులు దాటాయి. బ్యాంకు 90 దాటిన బాకీని లెక్కలోకే తీసుకోదు. మిగిలింది 32, దాని మీద 24, సరుకుతో కలిపి 31న్నర. మాకు 46 వాడకం. ఒక్క స్టేట్‌మెంట్‌తో 14న్నర లక్షలు మీరు ఎక్కువ వాడారు, కట్టండి అని ఫోన్. కస్టమర్ డబ్బు ఇవ్వనందుకు మనకు డబ్బు అవసరం, అదే కారణంగా బ్యాంకు వెనక్కి లాగుతుంది. మా ఆవిడ నగలు తీసుకెళ్ళి గోల్డ్ లోన్ పెట్టి ఆ వారం బయటపడ్డాను.

బాలానగర్_లేత్:
అప్పారావు గారూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మాది సరిగ్గా 90 రోజుల మీదే నడుస్తోంది. పది రోజులు జారితే చాలు మరి.

స్వాతి_అకౌంట్స్:
నేను అవతలి పక్క, అంటే కొనే కంపెనీ అకౌంట్స్‌లో చేస్తాను. ఆ 90 రోజులు ఎక్కడి నుంచి మొదలవుతాయో మీరు చూశారా? మా సిస్టమ్‌లో బిల్లు తేదీ నుంచి కాదు, గేటు దగ్గర సరుకు వచ్చి క్వాలిటీ వాళ్ళు పాస్ చేసి, సరుకు అందినట్టు జీఆర్ఎన్ రసీదు పడిన తేదీ నుంచి. ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ జత చేయకుండా పంపిన సరుకు మా స్టోర్స్‌లో మూలన పది రోజులు పడి ఉంటుంది. మేమిచ్చిన కొనుగోలు ఆర్డర్, అంటే పీఓలో రేటు ఒకటి, బిల్లులో ఇంకోటి ఉంటే పక్కన పెట్టేస్తాం, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. పేమెంట్లు మా దగ్గర 10, 25 తేదీల్లో మాత్రమే వెళ్తాయి. 11న బాకీ తేలిన బిల్లు 25 దాకా ఆగాల్సిందే. మా మీద కోపం వద్దు, పని అలా నడుస్తుంది. సప్లయర్ నెలకోసారి బిల్లు నంబర్లతో లిస్టు పంపి ఏది ఎక్కడ ఆగింది అని అడిగితే మేము చెబుతాం. పదిమందిలో ఒకరు అడుగుతారు.

బాలానగర్_లేత్:
ఇప్పుడే షెడ్డులోకి వెళ్ళి చూశాను. ప్లేటింగ్ నుంచి వచ్చిన 3 వేల బుష్‌లు మూడు గోనె సంచుల్లో గోడ పక్కన ఉన్నాయి. ఎందుకు పంపలేదని సూపర్‌వైజర్‌ను అడిగితే, థ్రెడ్ గేజ్ క్యాలిబ్రేషన్‌కి వెళ్ళింది, అది వస్తేగానీ రిపోర్ట్ రాయలేమన్నాడు. గేజ్ వెళ్ళి పన్నెండు రోజులు. ఆ సంచుల విలువ దాదాపు 2 లక్షలు. పన్నెండు రోజులుగా నేను రోజూ వాటి పక్క నుంచే నడుస్తున్నాను. రెండో గేజ్ కొనిచ్చాను.

పెద్దాపురం_శ్రీలక్ష్మి:
ఇంత మాట్లాడారు, చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదేం? చిన్న యూనిట్‌కు 45 రోజులు దాటి ఆపకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో ఉంది. దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. చిన్న యూనిట్లకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. 90 రోజుల ఒప్పందం అసలు చెల్లదు.

నిజాంపేట_సురేష్:
చెల్లదు, ఒప్పుకుంటా. నేను ఫిర్యాదు వేశాను, డబ్బు వచ్చింది, ఆర్డర్లు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏడు నెలలు ఆ కంపెనీ నుంచి ఎంక్వయిరీ కూడా లేదు.

పెద్దాపురం_శ్రీలక్ష్మి:
అలా అందరూ భయపడబట్టే వాళ్ళు 90 రోజులు రాయిస్తున్నారు.

స్వాతి_అకౌంట్స్:
ఆదాయపన్ను నిబంధన వచ్చాక కొంచెం మారింది. చిన్న యూనిట్ బిల్లు గడువు దాటి మార్చి 31న బాకీ ఉంటే ఆ ఖర్చు మాకు ఆ ఏడాది ఒప్పుకోరు. అందుకే మార్చిలో మా ఆఫీసులో పరుగులు, అన్నీ క్లియర్ చేస్తాం. ఏప్రిల్‌లో మళ్ళీ పాత పద్ధతే, చెప్పడానికి బాధగా ఉంది.

అప్పారావు_ఫ్యాబ్రికేషన్:
ట్రెడ్స్ ఎవరైనా వాడారా? బిల్లు ఆన్‌లైన్‌లో పెడితే బ్యాంకులు వేలం పాడి ముందే డబ్బు ఇస్తాయట, కస్టమర్ తర్వాత బ్యాంకుకు కట్టుకుంటాడట.

నిజాంపేట_సురేష్:
వాడాను. బాగుంటుంది, వడ్డీ కస్టమర్ పరపతిని బట్టి కాబట్టి సీసీ కన్నా తక్కువే పడింది, కస్టమర్ కట్టకపోయినా బ్యాంకు మన వెంట పడదు. చిక్కు ఒక్కటే, కస్టమర్ ఆ బిల్లును అక్కడ ఒప్పుకోవాలి. 250 కోట్ల పైన టర్నోవర్ ఉన్న కంపెనీలు రిజిస్టర్ కావాలని రూలు ఉంది, బిల్లులు ఒప్పుకోవాలని బలవంతం లేదు. నా ఇద్దరు కస్టమర్లలో ఒకరు ఒప్పుకుంటారు, ఇంకొకరు ‘చూద్దాం’ అంటూనే ఏడాది గడిపారు.

రిటైర్డ్_బ్యాంకర్_తెనాలి:
బాలానగర్ గారూ, కొత్త పనికి ఇంకో దారి ఉంది, మీ లైన్‌లో వాడేదే. రాడ్ కస్టమర్‌నే పంపమనండి, మీరు లేబర్ జాబ్ చేసి ఇవ్వండి. 8 లక్షల్లో రాడ్ ఖర్చు దాదాపు 4 లక్షల 40 వేలు. మిగతా 3 లక్షల 60 వేలకే మీ బిల్లు. రాడ్ల సరుకు మీరు పెట్టక్కర్లేదు, బయట ఉండే బాకీ జీఎస్టీతో మూడు నెలలకు 13 లక్షల లోపు. 30 లక్షల పెట్టుబడి కోరే పని 13తో అయిపోతుంది. దాని మీద 45 రోజులు ఒప్పించగలిగితే ఆరున్నరతో అయిపోతుంది.

బాలానగర్_లేత్:
సార్, అందులో ఒక చిక్కు ఉంది. ఇత్తడి పనిలో మాకు మిగిలేది చాలావరకు చిప్స్‌లోనే. రాడ్‌లో మూడో వంతు పైన చిప్స్‌గా రాలుతుంది, దాన్ని మళ్ళీ రాడ్ల వాడికే ఇస్తే కొత్త రాడ్ రేటులో తగ్గిస్తాడు. కస్టమర్ రాడ్ పంపితే చిప్స్ తనవే అంటాడు. లాభం 10 పైసలు కాదు, 4 కూడా ఉండదు.

రిటైర్డ్_బ్యాంకర్_తెనాలి:
అది నాకు తెలియని లోపలి సంగతి. అయితే చిప్స్ విలువ లేబర్ రేటులో కలిపి అడగండి. ఇవ్వకపోతే ఆ లాభం తక్కువే, కానీ అది 30 లక్షలు కోరదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఏది మీకు సరిపడుతుందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను.

షేర్లు_చూసేవాడు:
నేనైతే లాభం తక్కువైనా లేబర్ జాబ్‌కే ఓటు. పెట్టిన రూపాయికి వచ్చేది చూడాలి, అమ్మిన రూపాయికి వచ్చేది కాదు.

అప్పారావు_ఫ్యాబ్రికేషన్:
నేను ఒప్పుకోను. ఒకసారి లేబర్ జాబ్‌కు అలవాటు పడితే పాత పనులు కూడా రేపు అదే పద్ధతిలో అడుగుతారు. అప్పుడు చిప్స్ లాభం మొత్తం పోతుంది.

బాలానగర్_లేత్:
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. జీతాలు రెండు రోజులు ఆలస్యంగా వేశాం, మొదట హెల్పర్లకు, చివర నాకు. స్వాతి గారు చెప్పినట్టు బిల్లు నంబర్ల లిస్టు పంపితే మొదటి కంపెనీలో 9 లక్షల బిల్లులు పీఓ సవరణ లేక ఆగి ఉన్నాయని తేలింది, మూడు నెలలుగా మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. సరిచేశాం, 25న వేస్తామన్నారు. జీఎస్టీకి మా బావమరిది దగ్గర చేబదులు తీసుకున్నాను, 26న తిరిగి ఇవ్వాలి. లిమిట్ పెంచమని బ్యాంకులో కాగితాలు ఇచ్చాం, మేనేజర్ ఈ ఆరు నెలల జీఎస్టీ రిటర్నులు, వచ్చే ఏడాది అంచనా అడిగాడు.

కొత్త పని గురించి రెండో కంపెనీ కొనుగోలు ఆఫీసర్‌ను కలిశాను. ఐదు పార్టుల్లో రెండిటికి రాడ్ తామే పంపుతారట, 60 రోజులకు డబ్బు. మిగతా మూడూ పాత పద్ధతిలో కావాలన్నారు, వాటికి ఇప్పుడే ఒప్పుకోలేనని చెప్పాను. చిప్స్ ఎవరివి అన్నది తేలలేదు. బరువు లెక్క రోజూ రాయమన్నారు, సోమవారం వాళ్ళ స్టోర్స్ మనిషి కాటా చూడటానికి మా షెడ్డుకు వస్తున్నాడు.